సెల్ఫీ చూసి ఫ్రేము ఎంచుకునే ముందు

మైనస్ నాలుగో ఐదో పవర్ ఉన్నవాళ్లకు కళ్లజోళ్ల షాపులో ఒక చిక్కు ఉంటుంది. కొత్త ఫ్రేము పెట్టుకుని చూసుకోవాలంటే పాత జోడు తీసెయ్యాలి. కొత్తదానిలో ఉండేవి పవర్ లేని ఉత్తి ప్లాస్టిక్ పలకలు. దాంతో అద్దంలో తమ ముఖం తమకే మసకగా కనిపిస్తుంది. అందుకే చాలామంది ఫోన్‌తో సెల్ఫీ తీసుకుని, పాత జోడు మళ్లీ పెట్టుకుని, ఆ ఫొటో చూసి తేల్చుకుంటారు. ఆలోచన మంచిదే. కాకపోతే చెయ్యి చాచి తీసిన సెల్ఫీ ముఖం ఆకారాన్నీ ఒంటి రంగునూ రెండింటినీ మార్చేస్తుంది. ఫ్రేము ఎంచుకోవడానికి ఆధారం ఆ రెండే.

ముందు ఆకారం సంగతి. ఫోన్ ముఖానికి అడుగు దూరంలో ఉంటే, కెమెరాకు దగ్గరగా ఉన్న ముక్కు పెద్దదవుతుంది, వెనక ఉన్న చెవులూ దవడలూ చిన్నవవుతాయి. ఐదడుగుల దూరం నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే, అడుగు దూరం ఫొటోలో ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టి చూపించారు. అదే కారణంగా చెంపలు వెనక్కి జారినట్టై, గుండ్రటి ముఖం కోలగా కనిపిస్తుంది. ఆ ఫొటో నమ్మి కోల ముఖానికి నప్పే ఫ్రేము కొంటే, నలుగురికీ కనిపించే గుండ్రటి ముఖానికి అది నప్పదు.

కాబట్టి ఫోన్‌ను కళ్ల ఎత్తులో దేనికైనా ఆనించి, ఐదడుగులు వెనక్కి జరిగి, టైమర్ పెట్టి తీసుకోండి. ముఖం చిన్నగా వచ్చినా పర్వాలేదు, తరవాత పెద్దది చేసుకోవచ్చు. జుట్టు వెనక్కి లాగి కట్టాలి, తల వాల్చకూడదు, చూపు నేరుగా కెమెరా మీదే ఉండాలి. బ్యూటీ ఫిల్టర్ తప్పకుండా ఆపెయ్యాలి. అది చర్మాన్ని తెల్లబరచడంతో ఆగదు, కొన్ని ఫోన్లలో దవడను సన్నం చేసి కళ్లను పెద్దవి చేస్తుంది.

ఇదే ఫొటోతో కొలతలు కూడా తీసుకోవచ్చు. నుదుటికి ఏటీఎం కార్డును అడ్డంగా ఆనించి మరో ఫొటో తీయండి. నంబర్లు కనిపించకుండా వెనక్కి తిప్పి పట్టుకుని, పని అయ్యాక ఆ ఫొటో చెరిపెయ్యండి. ఏ బ్యాంకు కార్డు అయినా వెడల్పు 85.6 మిల్లీమీటర్లే. ఫొటోను ల్యాప్‌టాప్‌లో తెరిచి, తెర మీది కార్డు చేతిలోని అసలు కార్డుతో సరిగ్గా సమానమయ్యేదాకా పెద్దది చేయండి. ఇక ముఖం మీ ముందు నిజమైన కొలతలోనే ఉన్నట్టు. మామూలు స్కేలు పెట్టి కొలిచేయొచ్చు. కణతలు మాత్రం కార్డు కన్నా రెండు మూడు అంగుళాలు వెనక ఉంటాయి కనుక ముఖం వెడల్పుకు ఐదారు మిల్లీమీటర్లు కలుపుకోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. కాలేజీలో చదివే అమ్మాయి. చామనఛాయ, మైనస్ నాలుగున్నర పవర్. తెర మీద కణతల మధ్య 127 వచ్చింది, అంటే నిజానికి 133 దాకా ఉంటుంది. రెండు కనుపాపల మధ్య దూరం 62. షాపులో పీడీ అనేది దీన్నే. నుదుటి జుట్టు మొదలు నుంచి గడ్డం దాకా పొడవు, చెంపల వెడల్పు కన్నా కొంచెమే ఎక్కువ. దవడ మలుపు మెత్తగా ఉంది. గుండ్రటి ముఖమన్నమాట. ఆమె మనసు పడింది పెద్ద గుండ్రటి ఫ్రేము మీద.

ఏ ఫ్రేముకైనా కాడ లోపలి వైపు 56□18 140 లాంటి అంకెలు ఉంటాయి. మొదటిది ఒక అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీది బ్రిడ్జి, మూడోది కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. రెండు అద్దాలూ బ్రిడ్జీ కలిపి, కాడలు తగిలించే చివర్లకు మరో పన్నెండు వేసుకుంటే ఫ్రేము మొత్తం వెడల్పు ఇంచుమించు తెలుస్తుంది. ఆమెకు నచ్చింది ఈ లెక్కన 142. ముఖం దాటి రెండు పక్కలా బయటికి వస్తుంది. పైగా 56, 18 కలిపితే 74. పీడీ 62 కాబట్టి ప్రతి అద్దం కేంద్రాన్నీ ఆరు మిల్లీమీటర్లు ముక్కు వైపు జరపాలి. మైనస్ అద్దం మధ్యలో పలచగా, అంచుల్లో మందంగా ఉంటుంది కనుక ఆ జరిపిన భారమంతా కణతల వైపు అంచు మీద పడుతుంది.

అదే 50□18 ఫ్రేము అయితే మొత్తం 130, ముఖానికి సరిపోతుంది. జరపాల్సింది మూడు మిల్లీమీటర్లే. ఒకే రకం మామూలు ప్లాస్టిక్ అద్దాలు వేసినా అంచు మందం మొదటిదాని కన్నా ఒకటిన్నర మిల్లీమీటర్ల పైనే తగ్గుతుంది. మైనస్ అద్దాల్లోంచి చూస్తే చెంప గీత లోపలికి నొక్కుకుపోయినట్టు కనిపించడం అందరికీ తెలిసిందే. అద్దం చిన్నదయ్యేకొద్దీ అదీ తగ్గుతుంది. నా మాట అడిగితే పవర్ మూడు దాటినవాళ్లు ఆకారం కన్నా ముందు ఈ లెక్క చూసుకోవాలి.

ఆ కొలతల్లోనే ఆకారం ఎంచుకోవచ్చు. ముఖాల రకాలకు షాపుల్లో చెప్పే సూత్రాలన్నిటి వెనకా ఉన్నది ఒకటే: ముఖంలో ఉన్న గీతనే ఫ్రేము మళ్లీ గీస్తే ఆ గీత ఎక్కువగా కనిపిస్తుంది. గుండ్రటి చెంపల మీద గుండ్రటి ఫ్రేము పెడితే గుండ్రదనమే ముందు కంటపడుతుంది. ఈ అమ్మాయికి ఎత్తు తక్కువగా, పై మూలలు కాస్త లేచి, కింది అంచు సన్నంగా ఉన్న పలకల ఫ్రేము బాగుంటుంది. పై అంచు కనుబొమల వాలును అనుసరించాలి. పొడుగు ముఖానికి దీనికి తిరగేసి, లోతైన ఫ్రేము ముఖం పొడవును మధ్యలో విరుస్తుంది.

రంగు దగ్గర సెల్ఫీ ఇంకా ఎక్కువ ముంచుతుంది. ఫోన్ కెమెరా ఉన్న వెలుతురును బట్టి రంగులు దానంతటదే సరిచేసుకుంటుంది. ట్యూబ్‌లైటు కింద, పసుపు గోడ పక్కన, షాపులోని తెల్లటి స్పాట్‌లైట్ల కింద ఒకే ముఖం మూడు రంగుల్లో వస్తుంది. ఆకుపచ్చ చుడీదారు వేసుకుంటే ఆ ఛాయ గడ్డం కింద పడుతుంది. పగటిపూట ఎండ నేరుగా పడని కిటికీకి ఎదురుగా నిలబడి, తెల్ల చొక్కాతో తీసుకోవాలి. చెంప పక్కన తెల్ల కాగితం పట్టుకుంటే చాలు, నిజం బయటపడుతుంది. ఫొటోలో కాగితం పసుపుగానో నీలంగానో వస్తే ముఖం రంగు కూడా అంతే తప్పు.

చామనఛాయకు లేత గోధుమరంగు, ఇసుకరంగు ఫ్రేములు తరచూ దెబ్బతింటాయి. చర్మానికి మరీ దగ్గరగా ఉండటంతో అందులో కలిసిపోయి ముఖాన్ని పాలిపోయినట్టు చేస్తాయి. ముదురు గోధుమరంగు మీద తేనె మచ్చలున్నవి, వైన్ రంగు, సీసా ఆకుపచ్చ బాగా నిలుస్తాయి. ఒంటి మీద వెండి కన్నా బంగారం నప్పేవాళ్లకు బంగారు రంగు లోహపు ఫ్రేము కూడా అంతే. మందపాటి నలుపు తెల్లటి ముఖం మీద గట్టిగా గీసినట్టు ఉంటుంది. నల్లటి ముఖం మీద, నల్లటి జుట్టూ కనుబొమలతో కలిసి, అదే ఎంతో హుందాగా అమరుతుంది. నలుపు వద్దని నల్లనివాళ్లకు సలహా ఇచ్చేవాళ్ల మాట పట్టించుకోనక్కర్లేదు.

ఎదురుగా తీసిన ఫొటో చెప్పలేనిది ముక్కు గురించి. అందుకే పక్క నుంచి ఒక ఫొటో, నవ్వుతూ ఇంకొకటి తీయించుకోవాలి. ముక్కు మొదలు అణిగి ఉన్నవాళ్లకు బ్రిడ్జి కదలని ప్లాస్టిక్ ఫ్రేము కిందికి జారి చెంపల మీద కూర్చుంటుంది. నవ్వితే చెంపలు దాన్ని పైకి నెడతాయి, చెమట పడితే మళ్లీ జారుతుంది. నవ్వుతున్న ఫొటోలో ఫ్రేము కింది అంచు చెంపను తాకుతుంటే ఆకారం, రంగు ఎంత కుదిరినా దాన్ని పక్కన పెట్టి, అదే ఆకారంలో వంచుకోగల నోస్ ప్యాడ్లు ఉన్నది చూపించమనండి.