అనుమానం వచ్చిన తెలుగు మాటను నిఘంటువులో వెతకడం ఎలా?

నిరుడు స్కాలర్‌షిప్ అందుకున్న పిల్లలు దాతలకు రాసిన ఉత్తరాలను పంపేముందు ఒకసారి చూడమని నాకు ఇచ్చారు. అన్నీ చేతిరాత ఉత్తరాలే. పదో తరగతి అమ్మాయి ఒకతె చక్కని అక్షరాలతో ఇలా రాసింది: "నా చదువుకు సాయం చేసిన పెద్దలకు నా హృదయపూర్వక కృతఘ్నతలు." అమ్మాయి మనసులో ఉన్నది ఒకటి, కాగితం మీద పడింది దానికి సరిగ్గా వ్యతిరేకం. కృతజ్ఞత అంటే చేసిన మేలును గుర్తుంచుకోవడం. కృతఘ్నత అంటే చేసిన మేలును మరచిపోవడం. ఆ ఉత్తరం అలాగే చేరి ఉంటే, చదివిన దాత నవ్వి ఊరుకునేవారేమో. కానీ ఎప్పటికైనా ఆ సంగతి తెలిసిననాడు ఆ పిల్ల ఎంత చిన్నబుచ్చుకునేదో!

నేను దాన్ని ఎర్రసిరాతో దిద్దలేదు. అమ్మాయిని పిలిచి, బడి లైబ్రరీలోని నిఘంటువు చేతికిచ్చి, "ఈ మాట ఒకసారి చూడమ్మా" అన్నాను. పది నిమిషాల తర్వాత వచ్చి, "టీచర్, ఈ మాట ఇందులో లేదు" అంది. మాట ఉంది. ఆ పిల్ల వెతికిన చోటు వేరు. తెలుగు అక్షరాల వరుస అందరం ఒకటో తరగతిలోనే నేర్చుకున్నాం. ఆ వరుసతో నిఘంటువులో మాట వెతకడం మాత్రం మనకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఆ రోజు ఆ అమ్మాయికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా అక్షరాల వరుస. అచ్చులు మొదట, హల్లులు తర్వాత. హల్లులు గొంతు నుంచి పెదవుల దాకా నడుస్తాయి. క వరుస గొంతులో, చ వరుస దవడల దగ్గర, ట వరుస అంగిలి మీద, త వరుస పళ్ల దగ్గర, ప వరుస పెదవుల మీద పుడతాయి. ఒక్కో వరుసలో ఐదేసి అక్షరాలు. ఆ తర్వాత య ర ల వ, శ ష స హ, చివర ళ. ఇక్కడిదాకా అందరికీ తెలుసు.

చిక్కు వచ్చేది ఒకే హల్లు లోపల. క అక్షరాన్నే తీసుకుందాం. ఎక్కువ తెలుగు నిఘంటువుల్లో సున్న ఉన్న మాటలు ముందు వస్తాయి: కంకి, కంచం, కంది. ఆ తర్వాత కట్ట, కథ, కల. అవి అయ్యాక గుణింతం వరుసలో కా, కి, కీ, కు, కూ, కృ, కె, కే, కై, కొ, కో, కౌ. ఇవన్నీ పూర్తయ్యాకే ఒత్తులున్న అక్షరాలు: క్రమం, క్రియ, క్రూరం, క్షమ. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే సగం పని అయినట్టే: సున్న ముందు, గుణింతం మధ్యలో, ఒత్తు చివర. రెండో అక్షరానికీ, మూడో అక్షరానికీ ఇదే సూత్రం. అందుకే కాంతి ముందు వచ్చి కాకి తర్వాత వస్తుంది.

మా అమ్మాయి పొరపాటు ఇక్కడే. కృ అక్షరాన్ని ఆమె క్రు అనుకుంది. మనం పలికేటప్పుడు రెండూ ఒకేలా వినిపిస్తాయి. కానీ కృ అనేది గుణింతం, కూ తర్వాత, కె కంటే ముందు ఉంటుంది. క్రు అనేది ఒత్తు, కౌ కూడా దాటాక ఉంటుంది. రెంటికీ మధ్య ఎన్నో పేజీల దూరం. మన జిల్లా పేరును కొన్ని బోర్డుల మీద 'క్రిష్ణా' అని రాస్తుంటారు. ఆ రాతను నమ్ముకుని వెతికితే కృష్ణ అనే మాట నిఘంటువులో దొరకదు. ఇలాంటిదే ఇంకొకటి రుణం. పత్రికల్లో రుణం అని చదివి ర కింద వెతుకుతాం. పాత నిఘంటువుల్లో అది ఋణము, అచ్చుల్లో ఊ తర్వాత ఉంటుంది.

క్ష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పెద్ద బాలశిక్షల్లో, గోడ మీది చార్టుల్లో క్ష చివర ఉంటుంది కాబట్టి, పిల్లలు క్షమ, క్షేమం లాంటి మాటల కోసం నిఘంటువు చివరి పేజీలు తిరగేస్తారు. క్ష అంటే క కింద ష ఒత్తు. కాబట్టి క విభాగం చివర చూడాలి.

ఇక మన మాటకు వద్దాం. వెతకడానికి ముందు అమ్మాయి చేత ఒక చీటీ మీద చెవికి తోచిన రూపాలన్నీ రాయించాను: కృతగ్నత, కృతఘ్నత, కృతజ్ఞత, కృతఙ్ఞత. ఇలా ఎందుకంటే, తెలుగువాళ్లం జ్ఞ అక్షరాన్ని గ్న లాగా పలుకుతాం. జ్ఞానం అని రాసి గ్నానం అంటాం. కాబట్టి చెవి ఇక్కడ తీర్పు చెప్పలేదు. కలానికి తోచిన మొదటి రూపాన్నే పట్టుకుని వెతికితే, అది దొరక్కపోతే మాటే లేదనుకుంటాం. నాలుగు రూపాలూ ముందు పెట్టుకుంటే నాలుగు చోట్లా చూస్తాం.

కృ దగ్గర ఆగి, కృత దాకా వచ్చాం. తర్వాతి అక్షరం ఏదో చూడాలి. ఒత్తు ఉన్న అక్షరంలో పై అక్షరాన్ని ముందు లెక్కపెట్టాలి, ఒత్తును తర్వాత. గ్న అయితే గ దగ్గర, ఘ్న అయితే ఘ దగ్గర, జ్ఞ అయితే జ దగ్గర. గ దగ్గర ఏమీ లేదు. ఘ దగ్గర కృతఘ్నుడు ఉంది. ఙ దగ్గర ఏమీ లేదు. జ దగ్గర కృతజ్ఞుడు ఉంది. ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి. మేలు మరచినవాడు పైన, మేలు గుర్తుంచుకున్నవాడు కింద!

ఇక్కడే ఇంకో జాగ్రత్త ఉంది. అమ్మాయి వేలు ముందు కృతఘ్నుడు మీద పడింది. "దొరికింది టీచర్, నేను రాసింది కరెక్టే" అంది. మాట నిఘంటువులో ఉన్నంత మాత్రాన అది మనకు కావలసిన మాట అని కాదు. "అర్థం చదువమ్మా" అన్నాను. చదివి నోటి మీద చెయ్యి వేసుకుంది. కృత అంటే చేసినది. జ్ఞ అంటే తెలిసినవాడు. ఘ్న అంటే చంపేవాడు, నాశనం చేసేవాడు. ఈ మూడు ముక్కలూ విడదీసి చెప్పాక, ఆ రెండు మాటలూ ఆమెకు ఇంక ఎప్పుడూ కలిసిపోవని నాకు నమ్మకం కలిగింది.

మీరు గమనించే ఉంటారు, మేం వెతికింది కృతజ్ఞత, దొరికింది కృతజ్ఞుడు. కొన్ని నిఘంటువుల్లో మనం రాసే రూపం ఉండదు, దాని మూలరూపం ఉంటుంది. పాత నిఘంటువుల్లో మాట చివర మనం పెట్టే సున్న కూడా ఉండదు. 1885లో వచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం లాంటి వాటిలో సంఘం అని కాక సంఘము అని చూడాలి. ఇది చిన్న తేడాలా కనిపించినా వరుస మారిపోతుంది. చివరి సున్నను లెక్కపెడితే సంఘం ముందే రావాలి. ము లెక్కపెడితే సంఘటన దాటాక వస్తుంది. అలాగే 'పిల్లలు' కోసం పిల్ల, 'రాశాడు' కోసం రాయు లేదా వ్రాయు చూడాలి. రాయి, రెక్క వంటి కొన్ని మాటలు పాతవాటిలో బండి ఱతో ఉంటాయి. ర దగ్గర లేకపోతే ఱ దగ్గర కూడా ఒకసారి చూడండి.

మన ఇళ్లలో ఉర్దూ తెలిసినవారు ఎక్కువ కాబట్టి ఒక మాట. ఉర్దూ లుగత్ చూసే అలవాటున్నవారికి తెలుగు నిఘంటువు మొదట్లో తికమకగా ఉంటుంది. ఉర్దూలో జబర్, జేర్, పేష్ గుర్తులు మాట వరుసను నిర్ణయించవు, అక్షరాలు మాత్రమే నిర్ణయిస్తాయి. తెలుగులో గుణింతం మారితే మాట చోటే మారుతుంది. అయితే అదే ఉర్దూ జ్ఞానం కొన్ని అనుమానాలను తేలిగ్గా తీరుస్తుంది. 'దరఖాస్తు' చూడండి. ఈ మాటను 'ధరఖాస్తు' అని రాసిన ఫారాలు నేను చాలా చూశాను. ధర అనే తెలుగు మాట మనసులో మెదలడం వల్ల కాబోలు. మీ చీటీ మీద మూడు రూపాలు రాసుకోండి: దరఖాస్తు, దర్ఖాస్తు, ధరఖాస్తు. మొదటిది దర దగ్గర, దరికి ముందు. రెండోది దరి, దరిద్రం, దరువు దాటాక, దర్గా, దర్జీలకు ముందు. మూడోది ధ విభాగంలో, ధరణికి ముందు. వెతికితే నేడు వాడుకలో ఉన్న రూపం దరఖాస్తు అని, ద కింద దొరుకుతుంది. ఉర్దూలో ఈ మాట దాల్ అక్షరంతో మొదలవుతుంది, పక్కన దో చష్మీ హే లేదు. ధోబీలో ఉంది, దుకాన్‌లో లేదు. దో చష్మీ హే లేనిచోట ధ రాదు.

కానీ ఈ ఉపాయానికి హద్దు ఉంది. ఉర్దూలోని ఖే అక్షరంలో దో చష్మీ హే లేకపోయినా తెలుగులో ఖ రాస్తాం: ఖర్చు, ఖరీదు, దరఖాస్తు. కాగజ్‌లోని గైన్ తెలుగులో ఘ కాలేదు, మామూలు గ అయి కాగితం అయింది. పొరుగు భాష నుంచి వచ్చిన మాట తెలుగులో ఏ రూపంలో స్థిరపడిందో చివరికి తెలుగు నిఘంటువే చెప్పాలి. మన బందరులోనూ ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ ఇలాంటి మాటలకు విలువ ఇచ్చాడు. 1852 నాటి తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో హిందుస్తానీ మాటల పక్కన హెచ్ అనే గుర్తు పెట్టాడు. 1854లో తెలుగులో కలిసిన పరభాషా మాటలకే ప్రత్యేకంగా ఒక నిఘంటువు వేశాడు.

ఫోన్‌లోనే అన్నీ ఉన్నాయి కదా అంటారు కొందరు. ఉన్నాయి, నేనూ వాడతాను. అయితే కృతఘ్నత అని కొడితే ఫోన్ కృతఘ్నతే చూపిస్తుంది. పుస్తకంలో దాని కిందనే కృతజ్ఞత కంటపడుతుంది. ఆ అమ్మాయికి కంటపడింది అలాగే.

ఆ ఉత్తరాన్ని ఆమె కొత్త కాగితం మీద మళ్లీ రాసింది. నేను చదివి సంతకం పెట్టి పంపాను. మీలో ఎవరికో అది చేరే ఉంటుంది. మూడో వరుసలో జ కింద ఞ ఒత్తు కాస్త పెద్దగా, గట్టిగా ఒత్తి రాసినట్టు కనిపిస్తే, అది ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు.