స్కాన్ రిపోర్టు కన్నా నెలసరి తేదీలే ముఖ్యం

నెలసరి సరిగ్గా రావడం లేదని పదిహేనేళ్ల అమ్మాయికి స్కాన్ తీయిస్తారు. ‘రెండు అండాశయాల్లోనూ నీటి బుడగలు, పీసీఓడీ’ అని రిపోర్టు వస్తుంది. తల్లి ఆలోచన ఆపరేషన్ దాకా, పెళ్లి దాకా, పిల్లల దాకా వెళ్లిపోతుంది. అమ్మాయికేమో తన కడుపులో గడ్డలున్నాయన్న భయం పట్టుకుంటుంది. ఇద్దరికీ ముందు చెప్పాల్సిన మాట ఒకటే: అవి గడ్డలు కావు, వాటిని కోసి తీయాల్సిన పని లేదు.

ఆ బుడగలన్నీ అండం పెరిగే చిన్న చిన్న సంచులు. ప్రతి నెలా కొన్ని పెరగడం మొదలుపెడతాయి. వాటిలో ఒకటి పూర్తిగా ఎదిగి అండాన్ని విడుదల చేస్తుంది, మిగతావి కరిగిపోతాయి. పెద్దమనిషి అయిన తొలి ఏళ్లలో ఈ పద్ధతి ఇంకా కుదురుకోదు కాబట్టి, ఏ జబ్బూ లేని అమ్మాయిల స్కాన్‌లో కూడా ఇలాంటివి బోలెడు కనిపిస్తాయి. అందుకే రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు స్కాన్ చూసి ఈ సమస్యను నిర్ధారించవద్దని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మరి దేన్ని చూడాలి? ఈ వయసులో రెండు విషయాలు కలిసి కనిపించాలి. ఒకటి నెలసరి గతి తప్పడం, రెండోది మగ హార్మోన్ ఎక్కువగా ఉండటం. ఆ హార్మోన్ ఆడవాళ్లందరిలోనూ కొద్దిగా ఉంటుంది. అది పెరిగితే గడ్డం కింద, పై పెదవి మీద ముతక వెంట్రుకలు వస్తాయి, మొటిమలు తీవ్రంగా ఉంటాయి, లేదా రక్తపరీక్షలో తెలుస్తుంది.

ఒక అమ్మాయిని ఉదాహరణగా తీసుకుందాం. పన్నెండున్నర ఏళ్లకు రజస్వల అయింది, ఇప్పుడు పదిహేను. క్యాలెండర్‌లో తల్లి గుర్తు పెట్టిన తేదీలు జనవరి 6, ఫిబ్రవరి 27, ఏప్రిల్ 29, జూన్ 19. అంటే మధ్యలో 52, 61, 51 రోజులు. మొదటి ఏడాది ఎంత అటూ ఇటూ అయినా సహజమే. ఆ తర్వాత మూడో ఏడు నిండేదాకా 21 నుంచి 45 రోజుల మధ్య వస్తే ఫర్వాలేదు. ఈ అమ్మాయికి మూడుసార్లూ 45 దాటింది. గడ్డం కింద వెంట్రుకలున్నాయి, టెస్టోస్టెరాన్ కూడా ఎక్కువే ఉంది. థైరాయిడ్, ప్రొలాక్టిన్, అడ్రినల్ గ్రంథి సమస్యలు కూడా ఇలాగే కనిపించగలవు కాబట్టి డాక్టర్ ఆ పరీక్షలూ చేయించారు, అవి మామూలుగానే ఉన్నాయి. అప్పుడు గానీ పీసీఓఎస్ అని చెప్పలేదు. రెండింటిలో ఒక్కటే ఉండి ఉంటే ఆ పేరు పెట్టకుండా, కనిపించే ఇబ్బందికి మందిచ్చి, కొన్నేళ్లు గమనిస్తూ ఉండేవారు.

ఈ అమ్మాయి మెడ వెనక చర్మం నల్లగా, మందంగా ఉంది. సరిగ్గా రుద్దుకోవడం లేదని ఇంట్లో తిట్లు కూడా తింది. సున్నిపిండితో ఎంత రుద్దినా అది పోదు, ఎందుకంటే అది మురికి కాదు. శరీరం ఇన్సులిన్ మాట సరిగ్గా విననప్పుడు క్లోమం దాన్ని ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ చర్మాన్ని నల్లబరుస్తుంది, అండాశయాల చేత మగ హార్మోన్‌నూ ఎక్కువ చేయిస్తుంది. దాంతో అండం సంచులు సగంలో ఆగిపోతాయి, నెలసరి వెనక్కి పోతుంది. సన్నగా ఉన్న పిల్లలకూ ఇది వస్తుంది కాబట్టి ‘నీ తిండి వల్లే’ అనడం న్యాయం కాదు. బరువు ఎక్కువుంటే మాత్రం కొద్దిగా తగ్గినా నెలసరి మెరుగుపడొచ్చు. రోజుకో గంట ఆటో నడకో, కంచంలో అన్నం తగ్గించి కూర, పప్పు పెంచడమో ఇంటిల్లిపాదీ చేస్తే మేలు. పిల్లనొక్కదాన్నే వేరుగా కూర్చోబెట్టి కొలిచి వడ్డిస్తే ఆమె తిండికీ అద్దానికీ భయపడటం మొదలుపెడుతుంది.

మందుల చీటీ చూసి మళ్లీ కంగారుపడేవాళ్లున్నారు. మెట్‌ఫార్మిన్ రాస్తే పిల్లకు షుగర్ వచ్చేసిందనుకుంటారు. అది ఇక్కడ ఇన్సులిన్ బాగా పనిచేయడం కోసం. గర్భనిరోధక మాత్రలు రాస్తే ‘పెళ్లికాని పిల్లకా!’ అంటారు. ఆ మాత్రలు నెలసరిని క్రమంలో పెడతాయి, మగ హార్మోన్‌ను తగ్గిస్తాయి. తర్వాత పిల్లలు పుట్టకుండా చేయవు. అయితే మైగ్రేన్ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన జబ్బు వచ్చినా ముందే డాక్టర్‌కు చెప్పాలి.

“పిల్లలు పుడతారా డాక్టరమ్మా?” అని తల్లి తప్పకుండా అడుగుతుంది. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో ఎక్కువమంది తల్లులవుతారు, కొందరికి అండం విడుదలవడానికి కొంతకాలం మాత్రలు కావాల్సి వస్తుంది. ఇది కూతురు వినేలా చెప్పాలి. కూతురి ప్రశ్న వేరేగా ఉంటుంది: “థ్రెడింగ్ చేయించుకుంటే వెంట్రుకలు ఇంకా మందంగా వస్తాయా?” రావు, చేయించుకోవచ్చు. మందుతో వెంట్రుకలు తగ్గడం కనిపించాలంటే కనీసం ఆరు నెలలు పడుతుంది.

ఇంట్లో చేయాల్సిన పని, నెలసరి మొదలైన తేదీ రాసుకోవడం. అది ఇకనుంచి అమ్మాయే రాసుకుంటే మంచిది. 90 రోజులు దాటినా రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అన్నాళ్లు రాకపోతే గర్భాశయం లోపలి పొర మందంగా పేరుకుపోతుంది, దాన్ని బయటికి పంపడానికి కొద్దిరోజులు వాడే మాత్రలు ఇస్తారు. గంటకో ప్యాడ్ మార్చాల్సినంత రక్తస్రావం అయితే ఆ రోజే వెళ్లాలి.