జర్మనీ చదువు: బ్లాక్డ్ అకౌంట్ డబ్బు ఒక్కటే సరిపోదు

ఈ మధ్య మన సంఘం ఆఫీసుకు వచ్చే తల్లిదండ్రులు ఎక్కువగా అడుగుతున్నది జర్మనీ గురించే. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. అయితే స్టుట్‌గార్ట్, హైడెల్‌బర్గ్ ఉన్న బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మన పిల్లలు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. అడ్మిషన్ లెటరు చేతికి రాగానే ముందు ఇది చూసుకోండి.

వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేయాలి. యూరో వంద రూపాయలనుకుంటే సుమారు 12 లక్షలు. మధ్యలో బ్యాంకులు కోసుకునే చార్జీల వల్ల పది యూరోలు తగ్గినా, ఆ లోటు పూడ్చేదాకా డబ్బు చేరినట్టు కాగితం ఇవ్వరు. అందుకని కాస్త ఎక్కువే పంపడం మేలు.

ఈ డబ్బుతో ఏడాది గడిచిపోతుందనుకోవడం దగ్గరే మనవాళ్లు పొరపాటు పడుతున్నారు. అది నెలకు 992 చొప్పునే విడుదలవుతుంది. అదీ పిల్లవాడు అక్కడికి చేరి, సొంత బ్యాంకు ఖాతా తెరిచాకే. ఖాతాకు చాలాచోట్ల అడ్రసు నమోదు కాగితం అడుగుతారు, ఆ కాగితానికి ముందు గది దొరకాలి. ఇలా కొన్ని వారాలు చేతి డబ్బుతోనే నెట్టుకు రావాలి.

మేము ఒక కుటుంబంతో కూర్చుని వేసిన లెక్క చెబుతాం. గది అద్దె హీటింగు, నీళ్లతో కలిపి 400. అవి కలపని అద్దె 300. అడ్వాన్సు దానికి మూడింతల వరకు అడగవచ్చు, అంటే 900. సెమిస్టరు రుసుము 300, ఇన్సూరెన్సు 145, పరుపు, గిన్నెలు 200, తిండి 200. మొదటి నెలకే 2,145 అయింది. 992 వచ్చినా 1,153 తక్కువ. అందుకని విమానం టిక్కెట్టు కాక ఫారెక్స్ కార్డులో 2,500 యూరోలు విడిగా పెట్టించాం. అడ్వాన్సు గది ఖాళీ చేశాక తిరిగి వస్తుంది కాబట్టి దాన్ని ఖర్చు కింద రాయలేదు.

రెండో నెల నుంచి అద్దె, ఇన్సూరెన్సు, తిండి, ఫోను కలిపి 760 దాకా. మిగిలిన దాంట్లో నెలకు 50 పక్కన పెడితే రెండో సెమిస్టరు రుసుముకు సరిపోతుంది. టీవీ లేకపోయినా ఇంటికి నెలకు 18.36 యూరోల ప్రసార రుసుం ఉంది. గదిలో ఎంతమంది ఉంటే అంతమంది పంచుకోవచ్చు. నోటీసు వచ్చాక భయపడి ఫోన్ చేసినవాళ్లున్నారు!

ఇన్సూరెన్సు దగ్గర తొందరపడవద్దు. 30 ఏళ్లలోపు విద్యార్థికి ప్రభుత్వ పద్ధతి బీమా తక్కువ రేటుకు దొరుకుతుంది. నెలకు 30, 40 యూరోలకే ఇస్తామనే ప్రైవేటు పాలసీ తీసుకుని, ప్రభుత్వ బీమా వద్దని రాసిచ్చేస్తే, ఆ చదువు ముగిసేదాకా వెనక్కి రావడం కుదరదు. చౌక పాలసీలు పాత జబ్బులకు డబ్బివ్వవు. వీసాకు అడిగే ప్రయాణ బీమా యూనివర్సిటీలో చేరేదాకా పనికొస్తుంది, అంతే.

పార్ట్‌టైం పని ఏడాదికి 140 పూర్తి రోజులు చేయవచ్చు. కానీ జర్మన్ రాకుండా మొదటి సెమిస్టరులో పని దొరకడం కష్టం. మేమైతే మొదటి ఆరు నెలల రాబడి కాలమ్‌లో సున్నా వేయిస్తున్నాం.