మొదటి పద్దు మీదే అందరి కన్ను

మిర్యాలగూడ పక్కన ఒక రైస్ మిల్లు కంపెనీ ఉందనుకుందాం. మార్చి 31న లెక్కలు కట్టేసరికి పన్నుకు ముందు లాభం 60 లక్షలు తేలింది. బ్యాంకు ఖాతాలోనూ గల్లాపెట్టెలోనూ కలిపి చూస్తే మాత్రం ఉన్నది 9 లక్షలే. ఏడాది మొదట్లో 12 లక్షలుండేవి. అంటే అరవై లక్షల లాభం వచ్చిన ఏడాదిలోనే చేతిలో డబ్బు మూడు లక్షలు తగ్గింది. ఇందులో మోసమేమీ లేదు, లెక్క తప్పూ లేదు. బియ్యం అమ్మి బిల్లు రాసిన రోజునే లాభనష్టాల ఖాతా ఆ అమ్మకాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. డబ్బు చేతికి వచ్చేది ఆ తర్వాతెప్పుడో.

ఆ మూడు లక్షలు ఎలా తగ్గాయో చెప్పేదే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్. ఏడాదిలో వచ్చిన ప్రతి రూపాయినీ, పోయిన ప్రతి రూపాయినీ అది మూడు పద్దుల్లో ఏదో ఒకదాని కింద రాస్తుంది. రోజువారీ వ్యాపారం నడపడంలో వచ్చీపోయే డబ్బు మొదటిది, ఆపరేటింగ్. యంత్రాలు, భవనాలు, ఇతర కంపెనీల షేర్లు వంటివి కొనడంలో, అమ్మడంలో కదిలే డబ్బు రెండోది, ఇన్వెస్టింగ్. వాటాదారుల నుంచి, అప్పులిచ్చిన వాళ్ల నుంచి తెచ్చుకున్నదీ వాళ్లకు తిరిగి కట్టినదీ మూడోది, ఫైనాన్సింగ్.

మన దేశంలో స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీలు మొదటి పద్దును లాభం అంకెతోనే మొదలుపెట్టి, దాన్ని సవరించుకుంటూ నగదు దగ్గరికి రావాలి. మన మిల్లు లెక్కనూ అలాగే చూద్దాం. లాభం 60 లక్షలు. అందులోంచి యంత్రాల తరుగుదల కింద 25 లక్షలు తీసేసి ఉన్నారు. ఆ యంత్రాల డబ్బు ఎప్పుడో కట్టేశారు, ఈ ఏడాది బయటికి పోయిందేమీ లేదు. అందుకే తిరిగి కలపాలి. బ్యాంకు వడ్డీ 20 లక్షలు నిజంగానే కట్టారు, కానీ అది మూడో పద్దులో కనిపిస్తుంది కాబట్టి ఇక్కడ దాన్నీ కలిపేయాలి. పాత బాయిలర్ అమ్మితే వచ్చిన లాభం 2 లక్షలు. అది బియ్యం వ్యాపారంలో వచ్చింది కాదు, అమ్మిన సొమ్ము మొత్తం రెండో పద్దులోకి వెళ్తుంది. కనుక దాన్ని తీసేయాలి. ఇప్పటికి 103 లక్షలు. ఇంతవరకూ మిల్లు దివ్యంగా ఉంది.

అసలు కథ ఆ తర్వాతి వరుసల్లో ఉంటుంది. ధర పెరుగుతుందని గోదాములో ఆపిన ధాన్యం, బియ్యం నిల్వ పోయిన ఏడాది కంటే 90 లక్షలు ఎక్కువ. వ్యాపారుల దగ్గర ఆగిన బాకీలు 30 లక్షలు పెరిగాయి. ధాన్యం అమ్మినవాళ్లకూ సంచుల వాళ్లకూ మిల్లు ఇవ్వాల్సింది కూడా 22 లక్షలు పెరిగింది. ఇవ్వకుండా ఆపుకున్నది కాబట్టి అది చేతిలో డబ్బు కిందే లెక్క. ఇవన్నీ సర్దితే 103 కాస్తా 5 లక్షలయింది. ఆదాయపు పన్ను 15 లక్షలు కట్టాక మొదటి పద్దు మైనస్ 10 లక్షల దగ్గర ఆగింది.

మిగతా రెండు పద్దులు చిన్నవి. కొత్త సార్టెక్స్ యంత్రానికి 40 లక్షలు పెట్టారు, పాత బాయిలర్ మీద 6 లక్షలు వచ్చాయి. రెండో పద్దు మైనస్ 34. బ్యాంకు కొత్త టర్మ్ లోన్ 30 లక్షలిచ్చింది, క్యాష్ క్రెడిట్ వాడకం 45 లక్షలు పెరిగింది, పాత అప్పు అసలు 14 లక్షలు, వడ్డీ 20 లక్షలు కట్టారు. మూడో పద్దు ప్లస్ 41. మూడూ కలిపితే మైనస్ 3. పన్నెండు లక్షలు తొమ్మిదయిన లెక్క ఇది.

ఇప్పుడు ఈ మిల్లు గురించి లాభం అంకె చెప్పని విషయం బయటపడింది. ఈ ఏడాది వ్యాపారం తన ఖర్చును తాను మోయలేదు, యంత్రాన్నీ తన డబ్బుతో కొనలేదు. రెండింటినీ మోసింది బ్యాంకు. ఒక్క ఏడాదిని చూసి బెంబేలెత్తాల్సిన పనిలేదు. వచ్చే ఏడాది ఆ నిల్వ మంచి ధరకు అమ్ముడైతే మొదటి పద్దు కోలుకుంటుంది. లాభం ఏటా పెరుగుతూ, మొదటి పద్దు మాత్రం వరసగా మూడు నాలుగేళ్లు మైనస్‌లోనే ఉంటే అప్పుడు నిల్వల్నీ రాని బాకీల్నీ గట్టిగా ప్రశ్నించాలి.

అప్పిచ్చేవాళ్లూ షేర్లు కొనేవాళ్లూ ముందు చూసేది మొదటి పద్దునే. అందుకే లెక్కలు వంచదలచుకున్న కంపెనీల చూపూ దాని మీదే ఉంటుంది. పోయిన డబ్బును అందులోంచి బయటికి నెట్టాలి, లేదా వేరే చోట రావాల్సిన డబ్బును అందులోకి లాగాలి. ఈ రెండు పనులూ అమెరికాలో చాలా పెద్ద ఎత్తున జరిగాయి.

మొదటి రకానికి ఉదాహరణ వరల్డ్‌కామ్. మిసిసిపీ రాష్ట్రంలోని క్లింటన్ కేంద్రంగా నడిచిన టెలిఫోన్ కంపెనీ అది. తన కస్టమర్ల కాల్స్‌ను ఇతర కంపెనీల లైన్ల మీదుగా పంపినందుకు ఆ కంపెనీలకు అద్దె కట్టేది. దాన్ని లైన్ కాస్ట్ అనేవారు. మన మిల్లుకు ధాన్యం ఎలాగో దానికి ఈ అద్దె అలాగ. ఎటు చూసినా మొదటి పద్దులో ఉండాల్సిన ఖర్చు. 2001లో దాదాపు 305 కోట్ల డాలర్లు, 2002 మొదటి మూడు నెలల్లో దాదాపు 80 కోట్ల డాలర్లు ఈ ఖర్చులోంచి తీసి, ఆస్తి కొన్నట్టుగా పుస్తకాల్లో రాశారు. లాభం పెరిగింది. దాంతోపాటు ఆ డబ్బు మొదటి పద్దులోంచి రెండో పద్దుకు జారిపోయింది. కట్టిన అద్దె, వేసిన కేబుల్‌లా కనిపించింది. కంపెనీ ఇంటర్నల్ ఆడిట్ అధికారి సింథియా కూపర్ బృందం ఆస్తుల పద్దులు తిరగేస్తుంటే, కొన్న వస్తువేమిటో చూపే కాగితం లేని ఎంట్రీలు దొరికాయి. వాటికి "ప్రీపెయిడ్ కెపాసిటీ" అని పేరు పెట్టారు. 2002 జూన్ 25న కంపెనీ ఈ సంగతి ప్రకటించింది, జులై 21న దివాలా పిటిషన్ వేసింది.

ఇలాంటి జరుగుబాటును బయటి నుంచి పసిగట్టడానికి ఒక సులువైన లెక్క ఉంది. మొదటి పద్దు మొత్తంలోంచి, యంత్రాలకూ భవనాలకూ పెట్టిన ఖర్చును తీసేసి చూడాలి. దీన్నే ఫ్రీ క్యాష్ ఫ్లో అంటారు. ఒక పద్దులోంచి మరో పద్దుకు ఎంత జరిపినా ఈ తేడా మారదు, ఎందుకంటే మొదటిది ఎంత పెరిగితే రెండోదానిలో ఖర్చు అంతే పెరుగుతుంది. మొదటి పద్దు కళకళలాడుతూ ఈ తేడా మాత్రం ఏటా సున్నా దగ్గరే తచ్చాడుతుంటే, ఆస్తుల పేరుతో కొంటున్నదేమిటో, దానివల్ల అమ్మకాలు పెరుగుతున్నాయో లేదో అడగాలి. ఆ జవాబు కోసం వార్షిక నివేదికలో స్థిరాస్తుల నోట్ చదవాలి.

రెండో రకం ఇంకా సూక్ష్మమైనది. ఎన్రాన్ కంపెనీ భవిష్యత్తులో గ్యాస్ సరఫరా చేస్తానని ముందుగానే డబ్బు తీసుకునేది. కస్టమర్ ఇచ్చే అడ్వాన్సు అయితే అది న్యాయంగానే మొదటి పద్దు. కానీ ఇక్కడ డబ్బు జేపీ మోర్గాన్ చేజ్ బ్యాంకు నుంచి, జెర్సీ దీవిలోని మహోనియా అనే సంస్థ మీదుగా వచ్చేది. అదే సమయంలో కుదిరిన ఎదురు ఒప్పందాలు గ్యాస్ ధర తాలూకు లాభనష్టాలను ముగ్గురి మధ్యా రద్దు చేసేవి. చివరికి మిగిలేది ఎన్రాన్ ఆ డబ్బును వడ్డీతో తిరిగి కట్టడమే. ఇవి అప్పులేననీ, మూడో పద్దులో ఉండాల్సిన దాదాపు 260 కోట్ల డాలర్లను మొదటి పద్దులో చూపడానికి బ్యాంకు తోడ్పడిందనీ అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ ఆరోపించింది. బ్యాంకు ఆ ఆరోపణలను ఒప్పుకోకుండా, కాదనకుండా, 2003 జులైలో 13.5 కోట్ల డాలర్లు కట్టి కేసు పరిష్కరించుకుంది. వరల్డ్‌కామ్‌కు పనికొచ్చే తీసివేత లెక్క ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే అప్పు వల్ల ఆ తేడా కూడా ఉబ్బుతుంది. అందుకే డబ్బిచ్చిందెవరు, తిరిగి కట్టాల్సింది వస్తువా, సొమ్మా అని చూడాలి.

పద్దు మారిన ప్రతిసారీ దురుద్దేశం ఉంటుందనుకోకూడదు. 2019 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 116 ప్రమాణం దీర్ఘకాలపు లీజును దాదాపు అప్పులా చూడమంది. అంతకుముందు షోరూం అద్దె మొదటి పద్దులో ఖర్చు. ఇప్పుడు లీజు బాకీ కింద కట్టేదంతా, అసలూ వడ్డీ కలిపి, మూడో పద్దుకు వెళ్తోంది. ఊరూరా అద్దె భవనాల్లో బట్టల దుకాణాలు నడిపే కంపెనీకి ఆ ఏడాది ఒక్క చీర అదనంగా అమ్మకుండానే మొదటి పద్దు పెరిగింది. అలాంటి కంపెనీని చూసేటప్పుడు మూడో పద్దులో లీజు చెల్లింపుల వరుసను వెతికి, ఆ మొత్తాన్ని మొదటి పద్దులోంచి నేనైతే తీసేస్తాను. అద్దె కట్టకుండా ఆ దుకాణాల తలుపు తెరుచుకోదు కదా.

బ్యాంకులకూ ఫైనాన్స్ కంపెనీలకూ ఈ చదువు తలకిందులవుతుంది. అప్పులివ్వడమే వాటి రోజువారీ వ్యాపారం కాబట్టి, ఇచ్చే అప్పులు మొదటి పద్దులోనే పోతాయి. అక్కడ మైనస్ అంకె చాలాసార్లు వ్యాపారం పెరుగుతోందనే చెబుతుంది.

ఇక, మూడు పద్దుల విభజనతో పట్టుకోలేని మోసం హైదరాబాద్‌లోనే జరిగింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవు. అక్కడ డబ్బు ఒక పద్దులోంచి ఇంకో పద్దుకు జరగలేదు. లేని డబ్బుకు బ్యాంకు స్టేట్‌మెంట్లూ ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులూ పుట్టించారు. స్టేట్‌మెంట్ అడుగున ఉండే ముగింపు నిల్వ అంకెను ఆడిటర్ కంపెనీ చేతుల మీదుగా వచ్చిన కాగితంతో కాకుండా, బ్యాంకు నుంచి నేరుగా తెప్పించుకున్న ధ్రువీకరణతో పోల్చి ఉంటే ఆ తేడా దాగేది కాదు.