కుంగిన నక్షత్రం ఎంత వేగంగా తిరుగుతుంది?

వృషభ రాశిలో క్రాబ్ నెబ్యులా అనే వాయుమేఘం ఉంది. దాని నడుమ ఉన్న నక్షత్రం అడ్డంగా కొలిస్తే 20, 25 కిలోమీటర్లకు మించదు. అందులోని పదార్థం మాత్రం సూర్యుడి కన్నా ఎక్కువని అంచనా. ఇంత బరువైన గోళం సెకనుకు 30 సార్లు తన చుట్టూ తాను తిరుగుతోంది. 1054లో ఒక పెద్ద నక్షత్రం పేలిపోగా మిగిలిన ముక్క ఇది. ఆ పేలుడు వెలుగు పట్టపగలు కూడా కనిపించిందని చైనా ఖగోళ పరిశీలకులు రాసిపెట్టారు. దీని నుంచి వచ్చే రేడియో స్పందనలను 1968లో పట్టుకున్నారు.

దానికి అంత వేగం ఎలా వచ్చింది? ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప తిరుగుతూ, మధ్యలో ఒకరికొకరు దగ్గరగా జరిగితే గిరగిరా ఇంకా జోరుగా తిరుగుతారు. బయటి నుంచి ఎవరూ తోయకపోయినా వేగం పెరుగుతుంది. తిరిగే వస్తువుకు కోణీయ ద్రవ్యవేగం అనే రాశి ఉంటుంది. బయటి నుంచి మెలితిప్పే బలమేదీ పడనంతకాలం అది మారదు. దాని విలువ ద్రవ్యరాశి, వ్యాసార్ధపు వర్గం, భ్రమణ వేగం ఈ మూడింటి లబ్ధాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి వ్యాసార్ధం సగమైతే వేగం నాలుగింతలవుతుంది, పదో వంతైతే వందింతలవుతుంది. ఒక చుట్టుకు పట్టే కాలం T, వ్యాసార్ధం R అనుకుంటే లెక్క ఇలా ఉంటుంది:

T₂ = T₁ × (R₂/R₁)²

పాఠ్యపుస్తకాల్లో దీన్ని సూర్యుడితో చేయిస్తారు. నిజానికి సూర్యుడికి ఈ గతి పట్టదు, అంత బరువు లేదు కనుక చివరికి శ్వేత మరుగుజ్జుగా మిగులుతాడు. లెక్క కోసం కుంగాడనే అనుకుందాం. ఇప్పుడు వ్యాసార్ధం సుమారు 7 లక్షల కిలోమీటర్లు, మధ్యరేఖ దగ్గర ఒక చుట్టుకు సుమారు 25 రోజులు, అంటే 21.6 లక్షల సెకన్లు. వ్యాసార్ధం 10 కిలోమీటర్లకు తగ్గితే 70 వేల వంతు తగ్గినట్టు. దాని వర్గం 490 కోట్లు. 21.6 లక్షలను 490 కోట్లతో భాగిస్తే సెకనులో 0.00044 వంతు వస్తుంది. సెకనుకు దాదాపు 2,270 చుట్లన్నమాట.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఈ జవాబు ఎంత అసాధ్యమో చూడరు. సూర్యుడంత ద్రవ్యరాశి, 10 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న గోళం సెకనుకు సుమారు 1,800 చుట్లు దాటితే మధ్యరేఖ దగ్గరి పదార్థాన్ని గురుత్వాకర్షణ పట్టి ఉంచలేదు. అది ఎగిరిపోతుంది. మన లెక్కలోని నక్షత్రం ఆ వేగాన్ని అందుకోకముందే చెదిరిపోవాలి.

పొరపాటు నియమంలో లేదు, మనం దాన్ని వాడిన తీరులో ఉంది. సూర్యుడిలో పదార్థం ఎక్కువగా కేంద్రం దగ్గరే పోగుపడి ఉంటుంది, అంచుల్లో చాలా పలుచన. న్యూట్రాన్ నక్షత్రంలో అది దాదాపు సమంగా పరుచుకుని ఉంటుంది. బరువు ఎక్కడ ఉందన్నదీ భ్రమణ లెక్కలోకి వస్తుంది. ఆ తేడా కలిపితే వేగం ఐదో వంతుకు, అంటే సెకనుకు సుమారు 450 చుట్లకు దిగుతుంది. ఇది అసాధ్యమేమీ కాదు. సెకనుకు 716 చుట్లు తిరిగే పల్సర్ ఒకటి ఉంది కూడా. అయితే దానికి ఆ వేగం పుట్టుకతో వచ్చింది కాదు, జంట నక్షత్రం నుంచి పదార్థాన్ని లాక్కుంటూ సంపాదించుకుంది.

రెండో సవరణ ఇంకా ముఖ్యమైనది. నక్షత్రం మొత్తంగా కుంగదు. పైపొరలు పేలుడులో బయటికి పోతాయి, తమ వంతు కోణీయ ద్రవ్యవేగాన్నీ వెంట తీసుకుపోతాయి. కుంగేది లోపలి ఇనుప గర్భం ఒక్కటే. దాని వ్యాసార్ధం సుమారు 1,500 కిలోమీటర్లు. ఆ కుంగుబాటు సెకను కూడా పట్టనంత వేగంగా ముగుస్తుంది గనుక బయటి బలాలకు జోక్యం చేసుకునే వ్యవధి ఉండదు. నియమాన్ని ధైర్యంగా వాడదగిన ఘట్టం ఇదే. అంతకు ముందు లక్షల ఏళ్ల జీవితంలో అలా కాదు. నక్షత్ర గాలులు, అయస్కాంత క్షేత్రాలు గర్భం వేగాన్ని మెల్లగా హరిస్తూనే ఉంటాయి.

ఇప్పుడు క్రాబ్‌కు లెక్కను వెనక్కి నడిపిద్దాం. ఇప్పుడు నెమ్మదిస్తున్న తీరును బట్టి 1054కు వెళ్తే, పుట్టినప్పుడు ఒక చుట్టుకు సెకనులో సుమారు యాభయ్యో వంతు పట్టి ఉంటుందని అంచనా. గర్భం 1,500 నుంచి 10 కిలోమీటర్లకు కుంగితే వ్యాసార్ధం 150 వంతు తగ్గింది, వర్గం 22,500. లోపలి అమరికలోని తేడాను పక్కనబెడితే, యాభయ్యో వంతు సెకనును 22,500తో గుణించగా 450 సెకన్లు వస్తాయి. అంటే పేలుడుకు ముందు ఆ గర్భం ఏడున్నర నిమిషాలకు ఒక చుట్టు చొప్పున తిరుగుతూ ఉండేది.

క్రాబ్ ఇప్పుడు నెమ్మదిస్తోంది. దాని బలమైన అయస్కాంత క్షేత్రం భ్రమణ శక్తిని బయటికి చేరవేస్తుండగా, ఒక చుట్టుకు పట్టే కాలం ఏటా సెకనులో పది లక్షల వంతులు 13 చొప్పున పెరుగుతోంది. అలా పోగొట్టుకుంటున్న శక్తితోనే చుట్టూ ఉన్న మేఘం ఇప్పటికీ వెలుగుతోంది.