ఉపవాసం: ఇఫ్తార్ వేళ బయటపడే సత్యం

దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలోని 183వ ఆయత్ రెండు సంగతులను ఒకేచోట తెలియజేస్తున్నది. ఉపవాసం ముస్లిములకే కాక, వారికి పూర్వమున్న వారికి కూడా విధిగా నిర్ణయించబడింది. దాని ఉద్దేశం తఖ్వా. ఈ పదాన్ని దైవభీతి అని అనువదించడం వాడుక. అయితే దాని ధాతువులో తనను తాను కాపాడుకోవడమనే అర్థం ఉంది. సౌమ్ అనే మాటకు కూడా అసలు అర్థం ఆగడం, నిగ్రహించుకోవడం. అందుకే హజ్రత్ మర్యమ్ (అలైహస్సలామ్) ఆ రోజు ఎవరితోనూ మాట్లాడనని మొక్కుకున్న మౌనాన్ని కూడా ఖుర్ఆన్ సౌమ్ అనే పేర్కొన్నది (19:26).

మరి ఆహారం మానితే మనసుకు నిగ్రహం ఎలా అలవడుతుంది? ఈ ప్రశ్నను లోతుగా పరిశీలించినవారిలో ఇమామ్ గజాలీ (మరణం 1111) ముఖ్యులు. ఆయన తమ ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ గ్రంథంలో ఉపవాసానికి మూడు అంతస్తులు చూపారు. అన్నపానాలను, దాంపత్య సంబంధాన్ని మానడం సామాన్యుల ఉపవాసం. కన్ను, నాలుక, చెవి, చేయి, కాలు, తక్కిన అవయవాలన్నింటినీ పాపం నుండి ఆపడం సజ్జనుల ఉపవాసం. అల్లాహ్ ధ్యానం తప్ప మరో చింత హృదయంలోకి రాకుండా చూసుకోవడం మూడవది. అది ప్రవక్తలకు, సిద్దీఖులకు చెందిన స్థాయి.

రెండవ అంతస్తుకు ఇమామ్ గారు ఆరు నియమాలు చెప్పారు. మొదటి నాలుగూ చూపు, నాలుక, చెవి, తక్కిన అవయవాలకు సంబంధించినవి. ఆరవది, ఇఫ్తార్ తరువాత తన ఉపవాసం స్వీకరించబడిందో లేదోనని భయానికీ ఆశకూ నడుమ నిలవడం. వీటి మధ్యనున్న అయిదవ నియమాన్ని చాలామంది గమనించరు. ఇఫ్తార్ వేళ హలాల్ ఆహారమైనా సరే, కడుపు నిండా తినరాదని ఆ నియమం.

ఇందుకు కారణం స్పష్టమైనది. ఒక వ్యక్తి తెల్లవారుజామున కడుపారా సహరీ చేసి, జుహర్ నుండి అస్ర్ దాకా నిద్రపోతాడు. మేల్కొన్నాక అతని ఆలోచనంతా సాయంత్రపు వంటకాల మీదనే ఉంటుంది. సూర్యుడు అస్తమించగానే మధ్యాహ్నం మానిన భోజనాన్నీ రాత్రి భోజనాన్నీ కలిపి తింటాడు. ఫిఖహ్ ప్రకారం అతని రోజా చెల్లుతుంది. కాని కోరిక ఎక్కడ బలహీనపడింది? పగలంతా దానిని ఆపి ఉంచి, రాత్రి మరింత రుచికరమైన ఆహారంతో తృప్తిపరచాడు. అణచవలసిన దానికి బలం చేకూర్చాడు. కావుననే పగలు ఎక్కువగా నిద్రపోరాదనీ, ఆకలిదప్పులూ నీరసమూ మనిషికి తెలిసిరావాలనీ ఇమామ్ గారు అంటారు. ఆకలి తెలిసినప్పుడే దానికి లొంగకుండా నిలిచే అభ్యాసం జరుగుతుంది. నిద్రలో గడిచిన ఆకలి ఏమీ నేర్పదు.

గజాలీకి సుమారు ఏడు శతాబ్దాల ముందు, ఈజిప్టు ఎడారిలో క్రైస్తవ సన్యాసుల మధ్య నివసించిన జాన్ కాసియన్ కూడా ఇదే చిక్కును గుర్తించాడు. రోజుల తరబడి పస్తుండి, ఆపై మితిమీరి తినే సన్యాసి కంటే, రోజూ రెండే చిన్న ఎండురొట్టెలతో సరిపెట్టుకునేవాడు మేలని ఆ పెద్దలు బోధించారట. ఆ రెండింటి బరువు ఒక పౌనుకు మించదు. అతి ఉపవాసమూ అతిభోజనమూ చివరకు ఒకే చోటికి చేరుస్తాయని వారి అనుభవం. అంతేకాదు, అతిథి వస్తే ఆ పెద్దలు తమ ఉపవాసాన్ని విరమించేవారు. ఉపవాసం వారికి లక్ష్యం కాదు, సాధనం.

భగవద్గీత రెండవ అధ్యాయంలోని 59వ శ్లోకం కూడా ఈ సమస్యనే ప్రస్తావిస్తున్నది. నిరాహారికి విషయాలు దూరమైనా వాటిపై రుచి మిగిలే ఉంటుందనీ, పరమాత్మ దర్శనంతోనే అదీ తొలగుతుందనీ దాని భావం. ఈ మూడు సంప్రదాయాల విశ్వాసాలు ఒకటి కావు. అయినా అన్నం మానడమూ అన్నంపై ఆశ మానడమూ వేర్వేరనే విషయంలో అవి ఏకీభవిస్తాయి.

ఇస్లాం ఈ సాధనకు హద్దులు కూడా నిర్ణయించింది. రోగి, ప్రయాణికుడు ఆ రోజులను తరువాత పూర్తి చేయవచ్చునని బఖరా 185వ ఆయత్ అనుమతిస్తూ, అల్లాహ్ కోరేది సౌలభ్యమే కాని కష్టం కాదని తెలుపుతుంది. శరీరాన్ని హింసించడమే ఉద్దేశమైతే ఈ సడలింపుకు అర్థమే ఉండదు.

ఉపవాసం ఫలిస్తున్నదా లేదా అని తెలుసుకునే గుర్తులు దూరాన లేవు. అస్ర్ తరువాత ఇంట్లోవారిపై విసుగు పెరుగుతున్నదా? నీళ్ళు ముట్టని నోరు పరోక్షనిందకు తెరుచుకుంటున్నదా? అబద్ధాన్ని, దాని ప్రకారం నడవడాన్ని విడువనివాడు అన్నపానాలు మానడం అల్లాహ్‌కు అవసరం లేదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సెలవిచ్చినట్లు బుఖారీలో ఉంది. దాహంతో ఉన్నవాడు చేతికందే నీటిని, ఎవరూ చూడకపోయినా, ముట్టకుండా ఉంటాడు. కోపం వచ్చినప్పుడు నోటికొచ్చిన మాటను కూడా అలాగే ఆపగలిగితే, ఆ నీటి వద్ద నేర్చుకున్నది అతనికి దక్కినట్లే.