అద్దె ఇంటికి కొత్త ఫ్యాను

ఫ్యాను కొనేది ఇంటి ఓనరు, కరెంటు బిల్లు కట్టేది అద్దెకున్నవాళ్లు. అందుకే చాలా వాటాల్లో పాత ఫ్యాన్లే తిరుగుతుంటాయి. మామూలు ఫ్యాను ఫుల్ స్పీడులో సుమారు 75 వాట్లు లాగితే, బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి.

హైదరాబాద్‌లో నెలకు 210 యూనిట్లు కాలే వాటా అనుకుందాం. రెండు ఫ్యాన్లు మారిస్తే అది 170కి దిగుతుంది. తెలంగాణలో 200 దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు పెరుగుతుంది కాబట్టి, అసలు లాభం అక్కడుంది. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లకు పాత, కొత్త బిల్లులు పక్కపక్కన చూపిస్తే చాలు.

బిగించేటప్పుడు పాత రెగ్యులేటర్‌ను తప్పించి నేరుగా స్విచ్‌కు కలపాలి. లేకపోతే ఫ్యాను గునుస్తుంది, లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. రిమోట్ పోగొట్టే ఇళ్లకు గోడ మీదే స్పీడు మార్చుకునే రకం మేలు. 60 వాట్ల బల్బు ఇంకా ఉంటే 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టేయండి.

నీళ్ల ట్యాంకరు ఖర్చు మాత్రం ఓనరుదే. కుళాయి మూతికి జల్లెడలాంటి ఏరేటర్ బిగిస్తే నీటి వాడకం సగానికి తగ్గొచ్చు. బోరునీళ్ల ఉప్పు పట్టి ధార సన్నబడితే, విప్పి వెనిగర్‌లో నానబెట్టాలి.